మధ్యలో మనిషి ఎందుకు: మసందుల నుంచి ఖాల్సా దాకా

నిజాం కాలం నాటి తెలంగాణ భూముల గురించి కాస్త చదివినవాళ్లకు ఖాల్సా అనే మాట కొత్తేం కాదు. అప్పట్లో ఊళ్లు కొన్ని జాగీరు కింద, కొన్ని నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్ కింద, మిగిలినవి దివానీ లేదా ఖాల్సా కింద ఉండేవి. జాగీరు ఊళ్లో రైతు శిస్తు జాగీర్దారు జేబులోకి పోతుంది, ఖాల్సా ఊళ్లో మధ్యలో జాగీర్దారు ఉండడు, శిస్తు నేరుగా సర్కారు ఖజానాకే. ఇది మొఘలుల రెవెన్యూ భాష నుంచి వచ్చిన మాట. 1699లో సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ తన అనుచరులను ‘ఖాల్సా’ అన్నప్పుడు, ఆ మాటకు పవిత్రమైనది, కల్తీ లేనిది అనే అర్థం ఎంత ఉందో, ఈ శిస్తు అర్థం కూడా అంతే ఉంది. ఇక మీదట మీరు ఎవరి జాగీరూ కాదు, నేరుగా గురువుకు చెందినవాళ్లు అని.

సిక్కు చరిత్రను మనవైపు సాధారణంగా రెండు ముక్కలుగా చెప్పేస్తారు. మొదట శాంతంగా భజనలు చేసుకునే నానక్ పంథా, ఆ తర్వాత మొఘలుల హింస భరించలేక కత్తి పట్టిన సైన్యం. ఇందులో అబద్ధం లేదు కానీ అసలు విషయం జారిపోతుంది. ఎందుకంటే రెండు వందల ఏళ్లపాటు ఆ సమాజాన్ని లోపల నుంచి తొలిచిన ప్రశ్న కత్తి పట్టాలా వద్దా అన్నది ఒక్కటే కాదు. గురువు ఒకచోట, శిష్యులు కాబూల్ నుంచి ఢాకా దాకా. మరి మధ్యలో డబ్బు ఎవరు మోయాలి, దీక్ష ఎవరు ఇవ్వాలి, గురువు మాట ఇదీ అని ఎవరు చెప్పాలి? ఈ మధ్యలో మనిషి కథే మసందుల కథ.

నానక్ పుట్టింది 1469లో. ఊరు తల్వండి, ఇప్పటి పాకిస్తాన్‌లోని నన్కానా సాహిబ్. యువకుడిగా సుల్తాన్‌పూర్‌లో దౌలత్ ఖాన్ లోడీ ధాన్యపు కొట్టులో లెక్కలు చూశాడు. ఏళ్ల తరబడి తిరిగి, చివరికి రావి నది ఒడ్డున కర్తార్‌పూర్ అనే ఊరు కట్టుకుని 1539లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. సన్యాసుల మఠం కాదది, సేద్యం చేసుకునే సంసారుల ఊరు. తెల్లవారుజామున జపం, సాయంత్రం కీర్తన, పొలం పని, అందరూ ఒకే వరుసలో కూర్చుని తినడం. సంగత్ అంటే సత్సంగం, పంగత్ అంటే మన పంక్తి భోజనం. తర్వాత వచ్చిన ప్రతి సంస్థకూ విత్తనం ఈ రెండే. కర్తార్‌పూర్‌లో మధ్యవర్తి అవసరం లేదు, గురువు కళ్లెదుటే ఉన్నాడు, శిష్యుడు వచ్చి కూర్చుంటే సరిపోయేది.

నానక్ చేసిన పనుల్లో వ్యవస్థ పరంగా అన్నిటికంటే పెద్దది వారసుడి ఎంపిక అనిపిస్తుంది. కొడుకులు ఇద్దరున్నారు, శ్రీచంద్, లఖ్మీదాస్. వాళ్లను పక్కనపెట్టి లెహ్నా అనే శిష్యుడికి అంగద్ అని పేరు పెట్టి గద్దె ఇచ్చాడు. అంటే గురుత్వం రక్తంలో లేదు, ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించినట్టు ఎవరికైనా ఇవ్వొచ్చు అన్న సూత్రం మొదటి రోజే పడిపోయింది. ఆ సూత్రంతో పాటే ఒక తలనొప్పీ మొదలైంది, గద్దె దక్కని కొడుకులు ఊరుకుంటారా? శ్రీచంద్ చుట్టూ ఉదాసీలు అనే సన్యాసి శాఖ పెరిగింది. ఆ తర్వాత దాదాపు ప్రతి తరంలోనూ ఇదే తంతు నడిచింది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, మసందులు చెడిపోవడానికి ఈ దాయాదుల తగాదా కూడా ఒక కారణం.

అంగద్ ఖదూర్‌లో ఉన్నాడు. గుర్ముఖి లిపి స్థిరపడింది ఆయన కాలంలోనే. ఆయన భార్య మాతా ఖీవీ లంగరు నడిపేది. నెయ్యి వేసిన పాయసం పెట్టేదని సాక్షాత్తూ గురు గ్రంథంలోనే ఉంది. సత్తా, బల్వండ్ అనే ఇద్దరు గాయకులు కట్టిన పాటలో ఆ మాట వస్తుంది. ఒక మతం మూలగ్రంథంలో ఒక ఇల్లాలి వంట పేరుతో సహా నమోదు కావడం ఎంత అరుదో ఆలోచించండి.

మూడో గురువు అమర్ దాస్ నాటికి (1552 నుంచి 1574) జనం పెరిగారు. ఆయన ఉండేది బియాస్ ఒడ్డున గోయింద్‌వాల్‌లో. అక్కడ 84 మెట్ల దిగుడుబావి తవ్వించాడు, దర్శనానికి వచ్చేవాడు ఎవడైనా ముందు పంక్తిలో కూర్చుని తిన్న తర్వాతే తన దగ్గరికి రావాలన్నాడు. దూరపు ఊళ్లవాళ్ల కోసం 22 మంజీలు పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. మంజీ అంటే నులక మంచం. ఆ మంచం మీద కూర్చుని చుట్టూ చేరినవాళ్లకు గురువు మాట చెప్పే మనిషి అన్నమాట. ఏడాదికి రెండుసార్లు, వైశాఖికీ దీపావళికీ, శిష్యులంతా గురువున్న చోటికి రావాలని నియమం పెట్టింది కూడా ఆయనే. ఈ రెండు పండగలనూ గుర్తుంచుకుంటే కథ సులువుగా అర్థమవుతుంది. మొదట ఇవి దర్శనం రోజులు, తర్వాత లెక్కలు అప్పగించే రోజులు, ఇంకా తర్వాత యుద్ధ నిర్ణయాల రోజులు. తేదీలు మారలేదు, వాటి మీద జరిగే పనే మారింది.

నాలుగో గురువు రామ్ దాస్ కొత్త ఊరు మొదలుపెట్టాడు, అదే తర్వాత అమృత్‌సర్. అయిదో గురువు అర్జున్ (1581 నుంచి 1606) అక్కడి కోనేటి మధ్యలో హర్‌మందిర్, అంటే ఇప్పటి స్వర్ణ దేవాలయం, కట్టించాడు, 1604లో ఆది గ్రంథం కూర్చాడు, ఇంకా ఊళ్లు కట్టించాడు. కట్టడాలంటే డబ్బు. ఊళ్లో అన్నం పెట్టడానికి ఊరి ధాన్యం చాలు, కోనేరు తవ్వడానికి చాలదు. అందుకే ప్రతి సిక్కూ తన సంపాదనలో పదో వంతు ఇవ్వాలన్న దశ్వంద్ గట్టిపడింది. మన క్రైస్తవుల దశమభాగం లాంటిదే. దాన్ని ఊరూరా పోగుచేసేవాళ్లే మసందులు. అఫ్ఘాన్ సుల్తానుల కాలంలో పెద్ద హోదా ఉన్నవాళ్లను ‘మస్నద్-ఎ-ఆలీ’ అనేవారు, ఆ మాటే నలిగి మసంద్ అయిందంటారు.

మసంద్ పని ఎలా ఉండేదో చెప్పే మంచి సాక్ష్యం దబిస్తాన్-ఎ-మజాహిబ్ అనే పారశీక గ్రంథంలో ఉంది. 17వ శతాబ్దం మధ్యలో రాసింది, రాసినాయన ఆరో గురువును స్వయంగా ఎరిగినవాడు. మసందు తన ప్రాంతంలో జనాన్ని గురువు దారిలోకి తెస్తాడు, తన కింద మళ్లీ ప్రతినిధులను పెట్టుకుంటాడు. సిక్కులు సేద్యమో వ్యాపారమో కొలువో చేసుకుంటూ తమకు తోచినంత ప్రతి ఏడూ మసందుకు కానుక ఇస్తారు. వైశాఖి వచ్చేసరికి మసందులు ఆ సొమ్ముతో, రాదలచుకున్న శిష్యులతో గురువు దగ్గరికి చేరతారు, తిరిగి వెళ్లేటప్పుడు గురువు ఒక్కొక్క మసందుకు తలపాగా ఇచ్చి పంపుతాడు. ఈ తలపాగా దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఊళ్లోకి తిరిగొచ్చిన మసందు నెత్తిన గురువు చేతి గుడ్డ ఉంది. ఇక ఆ ఊళ్లో అతని మాటకు ఎదురేముంటుంది?

పైగా అతని పని వసూలు ఒక్కటే కాదు. అప్పటి దీక్ష పేరు చరణ్ పాహుల్. గురువు కాలివేలు తాకించిన నీళ్లు తాగడం. గురువు లేని ఊళ్లో ఆ దీక్షనూ గురువు పేరున మసందే ఇచ్చేవాడు. డబ్బు తీసుకునేది అతనే, శిష్యుణ్ణి చేసుకునేది అతనే, గురువు ఏమన్నాడో చెప్పేదీ అతనే. మూడూ ఒక చేతిలో. నిజాయితీ ఉన్నంతకాలం ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది, నడిచింది కూడా, హర్‌మందిర్ లేచింది ఈ సొమ్ముతోనే. కానీ దాన్ని సరిచూసే ఏర్పాటు మాత్రం ఒక్కటే ఉంది. ఏడాదికి రెండుసార్లు గురువు ఎదుట నిలబడటం.

1606లో జహంగీర్ హయాంలో అర్జున్‌ను లాహోర్‌లో చంపారు. ఈ దుకాణాన్ని మూసేయాలని తనకు ఎప్పటినుంచో ఉందని చక్రవర్తి తన జ్ఞాపకాల్లోనే రాసుకున్నాడు. ఆ కోపానికి చక్రవర్తి కొడుకు ఖుస్రో తిరుగుబాటు సాకు అయింది. అర్జున్ కొడుకు హర్‌గోవింద్ రెండు కత్తులు కట్టుకుని గద్దెనెక్కాడు, ఒకటి మీరీ అంటే లౌకికాధికారం, ఇంకోటి పీరీ అంటే ఆధ్యాత్మికం. హర్‌మందిర్ ఎదురుగా లౌకిక వ్యవహారాల కోసం అకాల్ తఖ్త్ అనే పీఠం కట్టాడు. మసందులను కానుకలుగా గుర్రాలూ ఆయుధాలూ తెమ్మన్నాడు. దబిస్తాన్ లెక్క ప్రకారం ఆయన లాయంలో 700 గుర్రాలు, కూడా 300 మంది రౌతులు, 60 మంది తుపాకీవాళ్లు. అంటే మసందు వ్యవస్థ అలాగే ఉంది, దాంట్లో ప్రవహించే సరుకు మారింది అంతే. సైనికీకరణ ఒక్కసారిగా 1699లో ఊడిపడలేదు, అప్పటికే తొంభై ఏళ్లుగా ఉన్న గొట్టాల్లోంచే వచ్చింది.

దీన్ని సిక్కులందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. ఆ కాలపువాడే, గురువులకు ఎంతో దగ్గరివాడైన భాయీ గుర్దాస్ తన పద్యంలో జనం గొణుగుడును దాచకుండా ఎక్కించాడు: మునుపటి గురువులు ధర్మశాలలో కూర్చునేవాళ్లు, ఈయన ఒకచోట నిలవడు, కోటలో ఖైదయ్యాడు, కుక్కలను పెట్టుకుని వేటాడతాడు, పాట కట్టడు, వినడు. చివరికి గుర్దాస్ గురువునే సమర్థిస్తాడు, అది వేరే సంగతి. కానీ సమర్థించాల్సి వచ్చిందంటేనే ఎంత గొణుగుడు ఉందో తెలుస్తోంది.

అసలు దెబ్బ ఇక్కడ కాదు, తర్వాత తగిలింది. మొఘల్ సేనలతో కొన్ని పోరాటాల తర్వాత 1630ల మధ్యలో హర్‌గోవింద్ మైదానం వదిలి శివాలిక్ కొండల అంచున కీరత్‌పూర్‌కు వెళ్లిపోయాడు. అమృత్‌సర్ దాయాదుల చేతికి పోయింది. అర్జున్ అన్న పృథీచంద్ గద్దె దక్కలేదని వేరు కుంపటి పెట్టాడు కదా, అతని సంతతి అక్కడ తామే గురువులమని కూర్చుంది. వాళ్లనే మీణాలు అంటారు. హర్‌గోవింద్ మనవడు ధీర్ మల్ ఆది గ్రంథం ప్రతినే దగ్గర పెట్టుకుని ఇంకో గద్దె వేసుకున్నాడు. ఏడో గురువు పెద్ద కొడుకు రామ్ రాయ్ మొఘల్ దర్బారుకు అనుకూలంగా మారి డెహ్రాడూన్‌లో మరొకటి.

ఇప్పుడు ఒక మసందు వైపు నుంచి చూడండి. గురువు దూరంగా కొండల్లో ఉన్నాడు. గురువునంటున్నవాళ్లు ముగ్గురు నలుగురు. వసూలు చేసిన సొమ్ము ఎవరికి ఇవ్వాలో నిర్ణయించుకునే వీలు అతని చేతికి వచ్చింది. ఒకప్పుడు గురువు మసందును ఎంచుకునేవాడు, ఇప్పుడు మసందు గురువును ఎంచుకోవచ్చు. కొంతమంది మసందు పదవిని కొడుకులకే అప్పగించేశారు, వడ్డీ వ్యాపారాలూ పెట్టారు, కొందరు సొంత శిష్యులనే పోగేసుకున్నారు. 1664లో ఎనిమిదో గురువు బాలుడిగానే పోతూ తన తర్వాతివాడు బకాలాలో ఉన్నాడని మాత్రం చెప్తే, ఆ చిన్న ఊళ్లో 22 మంది గురువులమంటూ పీటలు వేసుకున్నారని సంప్రదాయం. ఒక్కొక్కరి వెనకా వసూళ్లు చేసిపెట్టే మసందులు లేకుండా అది సాధ్యమయ్యే పని కాదు. తేగ్ బహదూరే గురువని తేలాక ధీర్ మల్ మసందు ఒకడు ఆయన మీద తుపాకీ పేల్చాడనీ, అమృత్‌సర్ వెళ్తే హర్‌మందిర్ తలుపులు మూసేశారనీ కూడా చెప్తారు. సొంత పూర్వీకులు కట్టించిన గుడి ముందు తొమ్మిదో గురువు బయట నిలబడాల్సి వచ్చింది.

1675లో తేగ్ బహదూర్‌ను ఢిల్లీలో ఔరంగజేబు చంపించాడు. తొమ్మిదేళ్ల గోవింద్ గద్దెకొచ్చాడు. ఆనంద్‌పూర్‌లో ఆయన పెరిగిన తీరు, పహాడీ రాజులతో 1688లో భంగాణీ యుద్ధం, కోటలు, ఇవన్నీ తెలిసినవే. మన దారికి అవసరమైనవి ఆయన ఉత్తరాలు. హుకుంనామాలు అంటారు, సంగత్‌ల పేర రాసిన ఆజ్ఞలు, కొన్ని ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇవి ఉపదేశాలేమీ కావు, వ్యవహారం. ఇంత బంగారం, ఫలానా బట్టలు, ఆయుధాలు, ఏనుగు, డబ్బైతే హుండీ చేయించి పంపండి. గుళ్లో ఉండే హుండీ కాదు, షావుకార్లు రాసిచ్చే హుండీ, ఇప్పటి డీడీకి తాతలాంటిది. 1696లో రామా, తిలోకా అనే ఇద్దరు అన్నదమ్ములకు రాసిన ఉత్తరం అన్నిటికంటే ప్రసిద్ధం. నీ ఇల్లు నా ఇల్లే, గుర్రపురౌతులను తీసుకుని వెంటనే రా అని దాని సారం. వాళ్ల వంశమే తర్వాత పాటియాలా, నాభా, జీంద్ సంస్థానాలు ఏలింది. ఈ ఉత్తరంలో గమనించాల్సింది ఒకటుంది. మధ్యలో మసందు లేడు, గురువు నేరుగా జాట్ సర్దార్లకు రాస్తున్నాడు.

ఆ తర్వాతి హుకుంనామాల్లో విషయం కుండబద్దలు కొట్టినట్టే ఉంటుంది. సంగత్ నా ఖాల్సా, మసందులను నమ్మొద్దు, వాళ్లకు కానుకలు ఇవ్వొద్దు, మీ దశ్వంద్ మీ దగ్గరే ఉంచి దర్శనానికి వచ్చినప్పుడు స్వయంగా తెండి, ఆయుధాలు కట్టుకుని రండి. ఖాల్సా అనే మాట కూడా 1699లో పుట్టింది కాదు, తూర్పు దేశపు సంగత్‌ను హర్‌గోవింద్ ‘గురువు ఖాల్సా’ అన్నాడు, తేగ్ బహదూర్ కూడా వాడాడు. అప్పుడు అది గురువుకు నేరుగా చెందిన కొన్ని సంగత్‌లకు పెట్టిన పేరు. గోవింద్ చేసింది ఆ మినహాయింపును అందరికీ వర్తించే నియమంగా మార్చడం, అంటే జాగీర్లన్నీ రద్దు.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో జరిగిన సన్నివేశం వివరాలు ఎక్కువగా తర్వాతి రచనల్లోంచి వచ్చినవే. కత్తి దూసి తల ఇచ్చేదెవరని అడగడం, ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు లేవడం. లాహోర్ ఖత్రీ దయారామ్, హస్తినాపురం జాట్ ధరమ్ దాస్, పూరీ జగన్నాథం నుంచి నీళ్లు మోసే కులపు హిమ్మత్, ద్వారక నుంచి బట్టలకు అచ్చులేసే మొహ్కమ్, బీదర్ మంగలి సాహిబ్. బీదర్ మనకు ఎంత దూరం, జహీరాబాద్ దాటితే వచ్చేస్తుంది. కులాలనూ ఊళ్లనూ అంతా చెప్తారు గానీ, ఆ రోజు వ్యవస్థలో జరిగిన మార్పు మాత్రం తక్కువ మందే పట్టించుకుంటారు.

మార్పు ఇది. ఇనుప పాత్రలో నీళ్లు పోశారు, బతాసాలు వేశారు, రెండంచుల కత్తితో కలుపుతూ గురువుల వాణి చదివారు. అందులో కాలివేలు లేదు. అంటే ఆ నీళ్లకు ఒక మనిషి శరీరం అక్కర్లేదు. అయిదుగురికీ ఇచ్చాక, గురువు వాళ్ల ముందు చేతులు చాచి అదే తనకూ ఇమ్మని తీసుకున్నాడు, గోవింద్ రాయ్ గోవింద్ సింగ్ అయ్యాడు. ఇక్కడి నుంచి నియమం ఏమిటంటే దీక్ష ఇచ్చేది అయిదుగురు, ఏ అయిదుగురైనా సరే, అప్పటికే దీక్ష తీసుకుని నియమం తప్పనివాళ్లయితే చాలు. పదవి కాదు, నియామకం లేదు, కొడుక్కి రాసిచ్చేది కాదు. పని అయ్యాక అయిదుగురూ లేచి మళ్లీ మామూలు మనుషులైపోతారు. మసందును తీసేసి ఇంకా మంచి మసందును పెట్టడం తేలిక, అందరూ చేసేది అదే. ఈయన ఆ కుర్చీనే ఎత్తేసి కోరం పెట్టాడు.

ఇది చదివితే ఆ తర్వాత వచ్చిన ఒక నిషేధం కూడా అర్థమవుతుంది. ఖాల్సాలో చేరినవాడు మీణాలతో, ధీర్‌మలియాలతో, రామ్‌రాయీలతో, మసందులతో పొత్తు పెట్టుకోకూడదు. పైకి ఇది మతాచారం లాగా ఉంటుంది కానీ జాబితా చూడండి, నలుగురూ వసూళ్లను మళ్లించిన వర్గాలే.

మరి అందరూ ఒప్పుకున్నారా? ఢిల్లీలో ఏం జరిగిందో సేనాపతి అనే ఆస్థాన కవి 18వ శతాబ్దం తొలినాళ్లలో రాశాడు. అక్కడి సిక్కుల్లో చాలామంది ఖత్రీ వర్తకులు, కొలువుల్లో ఉన్నవాళ్లు. కొత్త నియమాల్లో ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లు పోయినా తల గొరిగించుకోకూడదు. ఖాల్సాలో చేరిన ఒక ఇంట్లో చావు జరిగింది, వాళ్లు గుండు చేయించుకోలేదు. కులపంచాయతీ మండిపడింది. తాతల నాటి ఆచారం వదిలేస్తే పెళ్లి సంబంధాలు ఎవరిస్తారు, సరుకు ఎవరు అమ్ముతారు? అంగళ్లు మూసేయించారు, ఖాల్సా వాళ్లకు ఏమీ అమ్మొద్దన్నారు, తగువు సర్కారు అధికారుల దాకా పోయింది, చాలా రోజుల తర్వాత గానీ బజారు మామూలు కాలేదు. ఖాల్సాకు దూరంగా ఉండిపోయినవాళ్లూ సిక్కులుగానే కొనసాగారు, వాళ్లనే సహజ్‌ధారీలు అన్నారు. కాబట్టి 1699 తర్వాత సిక్కులంతా ఖాల్సా అయిపోయారన్నది తప్పు. బరువు మాత్రం పట్నపు ఖత్రీ వర్తకుడి నుంచి పల్లెటూరి జాట్ రైతు వైపు ఒరిగింది. పోగొట్టుకోవడానికి అంగడి లేనివాడికి ఆయుధం కట్టుకోవడం తేలిక.

1704 చివర్లో ఆనంద్‌పూర్ వదలాల్సి వచ్చింది, నలుగురు కొడుకులూ పోయారు. 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురువు కూడా పోయాడు. నిజాం రాజ్యం ఉన్నంతకాలం ఆ ఊరు హైదరాబాద్ సంస్థానంలోదే, మన బాసరకు చేరే గోదావరి అక్కడి మీదుగానే వస్తుంది. ఇక మనిషి రూపంలో గురువు ఉండడు, గురుత్వం గ్రంథానిదీ పంథ్‌దీ, అంటే సిక్కు సమాజానిదీ అని అక్కడే తేలింది. కొడుకులు లేరు కాబట్టి ఇది తప్పనిసరై చేసిన ఏర్పాటు అని కొందరంటారు. కానీ ఎక్కడైనా అయిదుగురు కూడితే దీక్ష ఇవ్వొచ్చన్న నియమం తొమ్మిదేళ్ల క్రితమే ఉంది కదా. ఆ ఏర్పాటు లేకుండా గ్రంథం ఒక్కటే గురువైతే, గ్రంథం ఏం చెప్పిందో చెప్పడానికి మళ్లీ ఒక మసందు పుట్టుకొచ్చేవాడు.

పరీక్ష వెంటనే వచ్చింది. నాందేడ్ నుంచి పంజాబ్ వెళ్లిన బందా సింగ్ 1710లో సర్‌హింద్‌ను పడగొట్టాడు. ముద్ర మీద తన పేరు వేసుకోలేదు, నానక్, గోవింద్‌ల పేర్లు వేశాడు. అయినా 1716లో అతన్ని చంపాక అనుచరులు కొందరు అతన్నే గురువుగా భావించి బందయీలు అయ్యారు, మిగిలినవాళ్లు తత్ ఖాల్సా. అమృత్‌సర్ కానుకల పెట్టె ఎవరిదన్న దగ్గర కొట్టుకునేదాకా పోయింది. గొడవ సర్దడానికి ఢిల్లీ నుంచి మాతా సుందరి, గురువు భార్య, మణీ సింగ్‌ను పంపింది. మళ్లీ అదే ప్రశ్న, పెట్టె ఎవరిది?

1733లో లాహోర్ సుబేదారు జకరియా ఖాన్ వేధించి వేధించి విసిగి, నవాబు బిరుదూ జాగీరూ ఇస్తాను శాంతించండన్నాడు. కూడిన ఖాల్సాలో ఎవరికీ అది వద్దు. చివరికి సంగత్‌కు విసనకర్రతో విసురుతున్న కపూర్ సింగ్‌కు అంటగట్టారట. అతను ఖిలత్ అనే ఆ గౌరవ వస్త్రాన్ని ముందు అయిదుగురు సింగుల పాదాలకు తాకించి, తన లాయం పని తననుంచి తీసేయకూడదని షరతు పెట్టి తీసుకున్నాడని చెప్పుకుంటారు. కథలో ఎంత ఉప్పు కారం చేరిందో గానీ, పదవి ఒకరిదైనా దాన్ని ఇచ్చింది అయిదుగురన్న సంగతి మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఆ కపూర్ సింగే గుంపులను రెండు దళాలుగా సర్దాడు, పెద్దవాళ్లది బుడ్ఢా దళ్, కుర్రవాళ్లది తరుణా దళ్. 1748 వైశాఖికి వాటన్నిటినీ దళ్ ఖాల్సాగా కూర్చి జస్సా సింగ్ అహ్లూవాలియాకు నాయకత్వం ఇచ్చారు. అందులోని ఒక్కొక్క దండు మిస్ల్.

ఇక్కడ అమర్ దాస్ పెట్టిన ఆ రెండు పండగలు మళ్లీ వస్తాయి. ఏడాది పొడుగునా మిస్ల్‌లు ఎవరి దారిన వాళ్లు దాడులు చేసుకునేవి, ఒకరి మీద ఒకరు కూడా. కానీ వీలైనప్పుడల్లా వైశాఖికీ దీపావళికీ అకాల్ తఖ్త్ ముందు అందరూ గ్రంథం ఎదుట కూడేవాళ్లు. అది సర్బత్ ఖాల్సా. అక్కడ తేలినది గుర్‌మతా, గురువు నిర్ణయం. ఎవరో ఒక సర్దారు నిర్ణయం కాదు కాబట్టి దానికి తలవంచితే పరువు పోదు. పల్లెలతో ఏర్పాటు పేరు రాఖీ, పంటలో సాధారణంగా అయిదో వంతు ఇస్తే వేరే దండు దోచకుండా మేం కాస్తాం అని. దశ్వంద్‌ను పోగుచేసే మసందు పోయాడు, రాఖీని పోగుచేసే మిస్ల్‌దారు వచ్చాడు. చేతిలో తలపాగా బదులు తుపాకీ. అఫ్ఘాన్ రాజు అహ్మద్ షా అబ్దాలీ దండెత్తుతూ ఉన్నంతకాలం గుర్‌మతా బాగా పనిచేసింది, 1762లో ఒక్క దాడిలో వేలమంది పోయినా మూడేళ్లకే లాహోర్ పట్టుకున్నారు. అబ్దాలీ బెడద తగ్గాక సర్దార్లకు కూడాల్సిన అవసరమూ తగ్గింది, ప్రాంతాలు కుటుంబాల ఆస్తులయ్యాయి, కొడుకులకు దఖలుపడ్డాయి. కోరం దీక్షకు సరిపోయింది, రాజ్యానికి సరిపోలేదు.

రంజీత్ సింగ్ 1799లో లాహోర్ పట్టుకుని ఒక్కొక్క మిస్ల్‌నూ మింగేశాడు. 1805లో మరాఠా రాజు హోల్కర్ ఇంగ్లీషువాళ్ల మీద సాయం కోరి వచ్చినప్పుడు జరిగినదే ఆఖరి పెద్ద గుర్‌మతా అంటారు, ఆ తర్వాత ఆయన రాజకీయ విషయాలకు సభను పిలవలేదు. నిర్ణయం ఆయనదే, ప్రభుత్వం పేరు మాత్రం సర్కార్-ఎ-ఖాల్సా. నాణేల మీదా తన పేరు వేయలేదు. 1765లో లాహోర్ పట్టుకున్నప్పుడు వేసిన పారశీక పంక్తే, అంతకుముందు బందా ముద్ర మీద ఉన్నదే, ఈయన వెండి రూపాయల మీదా కొనసాగింది: డేగ్, తేగ్, ఫతే, నానక్ నుంచీ గురు గోవింద్ సింగ్ నుంచీ దక్కినవి. తేగ్ అంటే కత్తి, ఫతే అంటే గెలుపు. మొదటి మాట డేగ్ అంటే వంట గుండిగ, మన ఇళ్లలో డేగిశా అనేది దాని పిల్లే. మాతా ఖీవీ పాయసం కాచినలాంటిది.